నీలి చుక్క చెప్పే ‘సి’ లెక్క

పళ్లరసంలో విటమిన్‌ సి ఎంతుందో ఒక నీలిరంగు ద్రవం చెప్పేస్తుంది. పది నిమిషాల పని. కానీ ఆ నీలి చుక్క ఒక్కోసారి దొంగను చూసి దొర అనుకుంటుంది, ఎదురుగా ఉన్న దొరను చూడకుండానే వెళ్లిపోతుంది!

ఎండాకాలం మధ్యాహ్నం. ఉప్పలగుప్తంలో ఓ పెంకుటింటి అరుగు మీద రెండు గ్లాసులున్నాయి. ఒకదాంట్లో అప్పుడే పిండిన నిమ్మకాయ రసం. రెండోదాంట్లో బజారు నుంచి తెచ్చిన నిమ్మ స్క్వాష్‌. ‘సీసాలోదే మంచిదంట కదే, బలం కూడానంట’ అంటుంది నాన్నమ్మ. ‘ఎవరు చెప్పారు నాన్నమ్మా? తేల్చేద్దాం ఉండు’ అంటుంది అమలాపురంలో డిగ్రీ చదువుతున్న మనవరాలు. మర్నాడు ఆ అమ్మాయి ఓ చిన్న సీసాలో స్క్వాష్‌, సంచిలో నాలుగు నిమ్మకాయలు పెట్టుకుని బస్సెక్కిందనుకుందాం. కాలేజీ ల్యాబ్‌లో పరీక్ష చేస్తే ఏం తేలుతుంది?

మొదటిసారి చేస్తే సీసాయే గెలుస్తుంది. నిమ్మకాయ కన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ విటమిన్‌ సి కనబడుతుంది. నాన్నమ్మ మాటే నెగ్గినట్టుంటుంది. అసలు కథంతా అక్కడే ఉంది. ఆ అంకె నిజం కాదు. అదెలా వచ్చిందో, ఎందుకు తప్పో తెలియాలంటే ముందు ఆ నీలిరంగు సంగతి తెలుసుకోవాలి.

గినీ పందుల స్థానంలో...

నావికులను చంపేసే స్కర్వీ జబ్బును నిమ్మజాతి పళ్లు నయం చేస్తాయని 1747లోనే బ్రిటిష్‌ నౌకా వైద్యుడు జేమ్స్‌ లిండ్‌ చూపించాడు. ఆ పళ్లలో ఉన్నదేమిటో తేలడానికి మాత్రం మరో 185 ఏళ్లు పట్టింది. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్‌ సెంట్‌ జార్జి 1928లో ఒక పదార్థాన్ని వేరుచేశాడు. అదే విటమిన్‌ సి అని 1932లో రుజువైంది. రసాయన శాస్త్రంలో దాని పేరు ఆస్కార్బిక్‌ ఆమ్లం.

అప్పటిదాకా ఒక పండులో ఈ విటమిన్‌ ఎంతుందో తెలియాలంటే గినీ పందులే దిక్కు. మనిషిలాగే వాటి ఒంట్లోనూ విటమిన్‌ సి తయారుకాదు. వాటికి స్కర్వీ వచ్చేలా తిండిపెట్టి, ఆ తర్వాత రసం పట్టించి, ఎంత రసానికి జబ్బు ఆగుతుందో వారాల తరబడి చూసేవారు. ఒక్క నిమ్మకాయ లెక్కకు ఇంత తతంగం!

అలాంటి సమయంలో జర్మనీ ఆహార రసాయన శాస్త్రవేత్త టిల్‌మాన్స్‌ బృందం ఓ విషయం గమనించింది. స్కర్వీని ఆపే రసాలన్నీ ఒక నీలిరంగును ఇట్టే పోగొడుతున్నాయి. ఆ రంగు పేరు కొంచెం పొడుగు... 2,6-డైక్లోరోఫినాల్‌ ఇండోఫినాల్‌. ల్యాబుల్లో పిల్లలు ‘ఇండోఫినాల్‌ డై’ అని ముద్దుగా కుదించేస్తారు. 1933లో బర్చ్‌, హారిస్‌, రే అనే ముగ్గురు ఈ రంగుతో ఆహార పదార్థాల్లో విటమిన్‌ సి కొలిచే పద్ధతిని ప్రచురించారు. వారాల పని నిమిషాల్లోకి వచ్చేసింది. ఇన్నేళ్లయినా మన కాలేజీ ల్యాబుల్లో ఇదే పద్ధతి.

మూడు రంగుల ఆట

శంఖుపుష్పం నీళ్లలో నిమ్మరసం పిండితే నీలం కాస్తా గులాబీ అవడం చాలామంది చూసే ఉంటారు. ఇండోఫినాల్‌ కూడా అంతే. మామూలు నీళ్లలో నీలంగా, పులుపు తగిలితే గులాబీగా ఉంటుంది. కానీ శంఖుపుష్పం చేయని పని ఇంకోటి చేస్తుంది. ఎదుటి పదార్థం దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చిందంటే రంగే లేకుండా మాయమవుతుంది.

విటమిన్‌ సి ఎలక్ట్రాన్లు ఇవ్వడంలో మహా ధారాళం. నీలి చుక్క పుల్లటి రసంలో పడగానే గులాబీగా మారి, మరుక్షణం మాయం. ఇంకో చుక్క... అదీ మాయం. రసంలోని విటమిన్‌ సి అంతా ఇలా ఖర్చయ్యాక పడిన చుక్కకు ఎలక్ట్రాన్లు ఇచ్చేవాళ్లుండరు. ఆ గులాబీ అలాగే నిలిచిపోతుంది. లేత గులాబీ రంగు కనీసం అయిదు సెకన్లు చెదరకుండా ఉందంటే పని ముగిసినట్టే. అప్పటికి ఎన్ని మిల్లీలీటర్ల నీలం పట్టిందో బ్యూరెట్‌ మీద చూస్తే చాలు. దీన్నే టైట్రేషన్‌ అంటారు, తెలుగు పాఠ్యపుస్తకాల్లో అంశమాపనం.

లెక్క ఇలా...

ఆ అమ్మాయి చేసే పనిని వరసగా చూద్దాం. ముందుగా 52 మిల్లీగ్రాముల రంగు పొడిని, 42 మిల్లీగ్రాముల సోడియం బైకార్బొనేట్‌ను నీళ్లలో కరిగించి, 200 మిల్లీలీటర్లు చేసి, వడకట్టి బ్యూరెట్‌లో పోస్తుంది. నూరు మిల్లీలీటర్లకు 4 గ్రాముల ఆక్సాలిక్‌ ఆమ్లం కలిపిన నీళ్లు మరోపక్క సిద్ధం. దీనికి రెండు పనులు. రసాన్ని బాగా పుల్లగా ఉంచి విటమిన్‌ త్వరగా పాడవకుండా చూడటం ఒకటి, విటమిన్‌ను తినేసే రాగిలాంటి లోహాలను పట్టి ఉంచడం రెండోది. ఆక్సాలిక్‌ ఆమ్లం విషం. అందుకే ఇది ల్యాబ్‌లో చేయాల్సిన పనేగానీ వంటింట్లో చేసేది కాదు. పిపెట్‌ను నోటితో పీల్చకూడదు.

తర్వాత అసలు కీలకం. ఆ నీలం బలమెంతో తెలియాలి. అందుకు శుద్ధమైన ఆస్కార్బిక్‌ ఆమ్లాన్ని తూచి, ఆక్సాలిక్‌ ఆమ్లంలో కరిగించి, 10 మిల్లీలీటర్లలో సరిగ్గా ఒక మిల్లీగ్రాము ఉండేలా చేస్తుంది. దానికి 7.3 మిల్లీలీటర్ల నీలం పట్టిందనుకుందాం. విటమిన్‌ అసలే లేని ఆమ్లం నీళ్లు గులాబీ రంగుకు రావడానికి కూడా 0.1 మిల్లీలీటరు పడుతుంది. అది తీసేస్తే 7.2. అంటే ఒక మిల్లీలీటరు నీలం 0.139 మిల్లీగ్రాముల విటమిన్‌ సి కి సమానం.

ఇప్పుడు నిమ్మరసం. పిండి, వడకట్టి, 10 మిల్లీలీటర్లు తీసుకుని వెంటనే ఆక్సాలిక్‌ ఆమ్లంతో 100 మిల్లీలీటర్లు చేస్తుంది. అందులోంచి 20 మిల్లీలీటర్లు కుప్పెలోకి. అంటే అందులో ఉన్న అసలు రసం 2 మిల్లీలీటర్లే. నీలం 4.4 పట్టింది, 0.1 తీసేస్తే 4.3. దాన్ని 0.139తో హెచ్చిస్తే దాదాపు 0.6 మిల్లీగ్రాములు. రెండు మిల్లీలీటర్లలో 0.6 అయితే నూరు మిల్లీలీటర్ల రసంలో 30 మిల్లీగ్రాములు. నిమ్మరసానికి ఇది నమ్మదగిన అంకే.

పాత నీలం, కొత్త అబద్ధం

ఇక్కడే మొదటి గొయ్యి. ఇండోఫినాల్‌ ద్రావణం నిలవ ఉంచితే రోజురోజుకూ బలం తగ్గుతుంది. రంగు సీసాలో, ఫ్రిజ్‌లో పెట్టినా తగ్గకుండా ఆగదు. ‘పోయిన నెల తయారుచేశాం కదా, బలం సీసా మీద రాసే ఉంది కదా’ అని దాన్నే వాడితే?

ఇదే నిమ్మరసాన్ని, అయిదో వంతు బలం పోయిన నీలంతో పరీక్షిస్తే 4.3 బదులు దాదాపు 5.4 మిల్లీలీటర్లు పడుతుంది. పాత లెక్కతోనే హెచ్చిస్తే నూరు మిల్లీలీటర్లకు 37.5 మిల్లీగ్రాములు వస్తుంది. నిమ్మకాయ అదే, రసం అదే. పాతబడింది నీలం, పెరిగింది విటమిన్‌!

బలం తేల్చడానికి వాడే ఆస్కార్బిక్‌ ఆమ్లం ద్రావణం నిన్నటిదైనా ఇదే తంటా. ఒక మిల్లీగ్రాము ఉందనుకున్న చోట గాలికి కొంత పోయి 0.8 ఉంటే, లెక్క మళ్లీ 37 దాకా వెళ్తుంది. రెండు తప్పులూ ఒకే వైపుకు లాగుతాయి. అందుకే తెలిసినవాళ్లు పరీక్ష రోజునే ఆస్కార్బిక్‌ ఆమ్లం తూచి, నీలం బలం ఆ రోజే తేలుస్తారు. మందుల షాపులో దొరికే విటమిన్‌ సి మాత్రను దంచి ప్రమాణంగా వాడటం కూడా సరికాదు. నిలవలో తగ్గుతుందని తయారీదారులు మాత్రలో రాసినదానికన్నా కొంత ఎక్కువే వేస్తుంటారు.

సీసా ఎందుకు గెలిచింది?

ఇక స్క్వాష్‌ సంగతి. నిమ్మరసంలాగే 10 మిల్లీలీటర్లను నూరు చేసి, 20 తీసుకుని నీలం వేస్తే 6.9 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. లెక్కకడితే నూరు మిల్లీలీటర్లకు 48 మిల్లీగ్రాములు. పిండిన నిమ్మరసంలో 30 మాత్రమే. నీళ్లు, పంచదార కలిపిన స్క్వాష్‌లో అసలు నిమ్మరసం నాలుగో వంతు ఉంటే గొప్ప. మరి స్వచ్ఛమైన రసాన్నే మించిపోయిందేమిటి?

సీసా మీది చిన్న అక్షరాలు చదివితే ఆచూకీ దొరుకుతుంది. ‘ప్రిజర్వేటివ్‌’ అనే మాట పక్కన E223 లేదా E224 లాంటి అంకె ఉంటే, అది మెటాబైసల్ఫైట్‌. బూజు పట్టకుండా, రంగు మారకుండా స్క్వాష్‌లలో వాడేదే. దాన్నుంచి సల్ఫర్‌ డయాక్సైడ్‌ వస్తుంది. అది కూడా ధారాళంగా ఎలక్ట్రాన్లు ఇచ్చే రకమే! నీలి చుక్కకు ఇచ్చేవాడెవరన్నది పట్టదు. ఇచ్చాడా లేదా అన్నదే ముఖ్యం. ఎవరిచ్చినా ‘విటమిన్‌ సి’ ఖాతాలో రాసేస్తుంది.

పైగా ఈ మారువేషగాడు చిన్నవాడేం కాదు. అణువుకు అణువు లెక్కన చూస్తే 64 గ్రాముల సల్ఫర్‌ డయాక్సైడ్‌ 176 గ్రాముల ఆస్కార్బిక్‌ ఆమ్లమంత పని చేస్తుంది. నూరు మిల్లీలీటర్లలో అది 15 మిల్లీగ్రాములు విడిగా ఉంటే చాలు, 41 మిల్లీగ్రాముల విటమిన్‌ ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఆ అమ్మాయి చూసిన 48లో 41 అదే అయితే, మిగిలిన 7 మిల్లీగ్రాములే నిమ్మకాయ చలవ.

దీన్ని పట్టుకోవడానికి ల్యాబ్‌లో ఓ ఉపాయముంది. పుల్లగా చేసిన రసంలో కొద్దిగా ఫార్మాల్డిహైడ్‌ కలిపి పది నిమిషాలు ఉంచితే అది సల్ఫైట్‌ను పట్టేసుకుంటుంది. విటమిన్‌ జోలికి అంతగా పోదు. ఆ తర్వాత నీలం వేస్తే 6.9 కాస్తా ఒక మిల్లీలీటరుకు పడిపోతుంది. అప్పుడు లెక్క 7 మిల్లీగ్రాములు. రెండు అంకెల మధ్య అంత పెద్ద తేడా రావడమే సల్ఫైట్‌ ఉందనడానికి సాక్ష్యం.

ఇలాంటివాళ్లు ఇంకొందరున్నారు. డబ్బా రసాల్లో చేరే తగరం, నీళ్లలో కరిగిన ఇనుము, పంచదార బాగా మరిగినప్పుడు పుట్టే కొన్ని పదార్థాలు... ఇవీ నీలాన్ని పోగొడతాయి. అయితే వీళ్లలో చాలామంది నెమ్మదస్తులు. విటమిన్‌ సి రెప్పపాటులో రంగు పోగొడితే, వీళ్లు కొన్ని సెకన్లు తీసుకుంటారు. అందుకే ‘అయిదు సెకన్లు నిలిస్తే చాలు’ అన్న నియమం. ఆపైన నెమ్మదిగా రంగు వెలిసిందని మళ్లీ మళ్లీ చుక్కలు వేస్తూ పోతే మారువేషగాళ్లందరూ లెక్కలోకి వచ్చేస్తారు. టైట్రేషన్‌ను రెండు నిమిషాల్లోపు ముగించాలనేదీ ఇందుకే.

ఉన్నా కనబడని విటమిన్‌

లేనిది ఉన్నట్టు చూపించే తప్పు ఒకవైపైతే, ఉన్నది లేనట్టు చూపించేది ఇంకోవైపు. విటమిన్‌ సి గాలి తగిలి ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే డీహైడ్రో ఆస్కార్బిక్‌ ఆమ్లంగా మారుతుంది. ఇవ్వడానికి ఇంక దాని చేతిలో ఏమీ లేదు కాబట్టి నీలి చుక్క దాన్ని గుర్తించదు. కానీ మన శరీరం గుర్తిస్తుంది! ఒంట్లోకి వెళ్లాక దాన్ని తిరిగి మామూలు విటమిన్‌గా మార్చుకుంటుంది. అంటే పిండి కాసేపు ఉంచిన రసంలో పరీక్ష చూపించినదానికన్నా విటమిన్‌ ఎక్కువే ఉండొచ్చు.

అలాగని పొద్దున పిండి సాయంత్రం తాగమని కాదు. ఈ రెండో రూపం ఎక్కువసేపు నిలవదు. ఇంకో మెట్టు దిగిందంటే శరీరం కూడా వెనక్కి తేలేదు. రాగి ఆ ప్రయాణాన్ని తెగ తొందరపెడుతుంది. అందుకే రాగి చెంబులోనో, కళాయి పోయిన ఇత్తడి గిన్నెలోనో నిమ్మరసం కలపకూడదు. పరీక్షకు తెచ్చే రసానికీ ఇదే సూత్రం. ఇంట్లో పొద్దున్నే పిండి, ఎండలో బస్సులో ల్యాబ్‌కు తీసుకెళ్తే దారిలోనే కొంత అయిపోతుంది. కాయలను కాయలుగా తీసుకెళ్లి, ల్యాబ్‌లో కోసి, ఆ క్షణానే ఆమ్లంలో కలపాలి. ఆ అమ్మాయి చేసిందీ అదే.

దారిలో విటమిన్‌ పోతోందేమోనని చూసుకోవడానికి ఓ పరీక్ష ఉంది. కుప్పెలోని రసానికి మనమే అర మిల్లీగ్రాము ఆస్కార్బిక్‌ ఆమ్లం కలిపి మళ్లీ నీలం వేయాలి. నిమ్మరసానికి 4.3 పట్టింది కదా, కలిపినదానికి మరో 3.6 కలిసి మొత్తం 7.9 రావాలి. 7.3 దగ్గరే ఆగిందంటే పని జరుగుతుండగానే విటమిన్‌ను ఏదో తినేస్తోందన్నమాట. అయితే ఈ పరీక్ష సల్ఫైట్‌ మారువేషాన్ని పట్టుకోలేదు. సల్ఫైట్‌ ఉన్నా కలిపినది కలిపినంతా కనబడుతుంది, మొదటి అంకె మాత్రం తప్పుగానే ఉండిపోతుంది. ఏ తప్పుకు ఆ కాపలాయే!

కొబ్బరి నీళ్లకో లెక్క

కోనసీమలో ఉండి కొబ్బరి నీళ్లను పరీక్షించకపోతే ఎలా? ఆ అమ్మాయి నిమ్మరసంలాగే పదింతలు పలచన చేసి చూస్తే నీలం 0.3 మిల్లీలీటర్ల దగ్గరే ఆగుతుంది. కారణం... కొబ్బరి నీళ్లలో విటమిన్‌ సి స్వల్పం, నూరు మిల్లీలీటర్లకు రెండు మిల్లీగ్రాముల చుట్టుపక్కల. బ్యూరెట్‌ నుంచి పడే ఒక్క చుక్క 0.05 మిల్లీలీటరు. రెండు చుక్కలు అటూఇటూ అయితే నిమ్మరసంలో వందకు రెండు పాళ్ల తేడానే వస్తుంది. కొబ్బరి నీళ్లలో మూడో వంతు అంకె తారుమారు! దీనికి మందు సులువు. పలచన చేయకుండా 25 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లను నేరుగా ఆమ్లంలో కలిపి చేస్తే 3.6 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. అప్పుడు రెండు చుక్కల తేడా లెక్కలోకి రాదు.

నేరేడు, దానిమ్మ, నల్లద్రాక్ష రసాలది ఇంకో చిక్కు. అవి ముందే ఎర్రగా ఉంటాయి. లేత గులాబీ ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. కనబడేదాకా పోస్తూ వెళ్తే అంకె పెరిగిపోతుంది. బాగా పలచన చేసి, పక్కన అదే రసం ఉన్న ఇంకో కుప్పె పెట్టుకుని పోల్చడం ఒక దారి. అయినా తేలకపోతే ఈ పద్ధతి ఆ రసానికి పనికిరాదని ఒప్పుకోవడమే మేలు.

అంకె వెనక అడగాల్సింది

ఈ జాగ్రత్తలు కాలేజీ ల్యాబులకే పరిమితం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాల క్రితం అచ్చువేసిన పట్టికల్లో నూరు గ్రాముల ఉసిరికి 600 మిల్లీగ్రాముల విటమిన్‌ సి అని ఉండేది. ఇప్పటికీ చాలామంది చెప్పే అంకె అదే. అదే సంస్థ 2017లో వెలువరించిన కొత్త పట్టికల్లో ఉసిరి అంకె 250 చుట్టుపక్కలకు వచ్చింది. కొత్త పట్టికలకు రంగు చుక్కలతో పనిలేదు. రసంలోని పదార్థాలను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాలు వాడారు. తేడా అంతా కొలిచిన పద్ధతిదే అనడానికి లేదు. కాయ రకం, పక్వత, పండిన నేల కూడా అంకెను మారుస్తాయి. కానీ విటమిన్‌ అంకె కనబడినప్పుడు ‘ఎలా కొలిచారు?’ అని అడగాల్సిందేనని మాత్రం ఉసిరికాయ చెబుతోంది.

ఇంతకీ ఉప్పలగుప్తం అరుగు మీద తీర్పేమిటి? సీసా ఓడింది, 30కి 7. అయితే నిమ్మకాయా విర్రవీగడానికి లేదు. ఒక కాయ పిండితే వచ్చే రసం పాతిక మిల్లీలీటర్లలోపే. అంటే ఏడు మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములని 2020లో భారతీయ వైద్య పరిశోధన మండలి లెక్కకట్టింది. ఒక్క గ్లాసు నిమ్మరసం అందులో పదో వంతు.

పెరట్లో జామచెట్టు ఉంటే మాత్రం చింతలేదు. పాత పట్టికలోనూ కొత్త పట్టికలోనూ నూరు గ్రాముల జామకాయకు రెండొందల మిల్లీగ్రాముల పైనే ఉంది. పద్ధతి మారినా మారని అంకె అది. ఈ లెక్క వింటే నాన్నమ్మ సీసా పక్కన పెట్టి, దోటీ అందుకోవచ్చు.